ప్రోబ్ సంగతి మెయిల్లో లేదు

చిన్న ఆసుపత్రి నడిపే డాక్టర్లకు ఇలాంటి మెయిల్ తరచూ వస్తుంది. ఇంగ్లీషులో ఉండేదాన్ని తెలుగులో పెడితే దాదాపు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన డాక్టర్ గారికి, మా కొత్త కలర్ డాప్లర్ స్కానింగ్ మిషన్‌ను మీ ఆసుపత్రికే తెచ్చి ఉచితంగా డెమో ఇస్తాము. ఒక సంవత్సరం పూర్తి వారంటీ. సర్వీసు కాల్‌కు 24 గంటల్లో స్పందన. మిషన్ ఆగిపోతే స్టాండ్‌బై మిషన్ ఇస్తాము. వారంటీ ముగిశాక ఏఎంసీ, సీఎంసీ సదుపాయం కలదు. షరతులు వర్తిస్తాయి."

నరసరావుపేటలాంటి ఊళ్లో ఇరవై పడకల ఆసుపత్రి అనుకుందాం. భార్య గైనకాలజిస్టు, భర్త సర్జన్. వారానికి మూడు రోజులు బయటి నుంచి రేడియాలజిస్టు వచ్చి వెళ్తారు. స్కానింగ్ గదికి రిజిస్ట్రేషన్ ఉంది, లోపల పాత మిషన్ ఉంది. విజయవాడ డిస్ట్రిబ్యూటర్ పంపిన కొటేషన్‌లో కొత్త మిషన్ ధర మూడు ప్రోబ్‌లతో కలిపి 14 లక్షలు. లెక్క సులువుగా సాగడానికి నేను వేసుకున్న అంకె ఇది. మార్కెట్లో ఇంతకు సగానికీ దొరుకుతాయి, మూడింతలకూ దొరుకుతాయి.

మెయిల్లో డెమో, వారంటీ, సర్వీసు మూడూ ఉన్నాయి. ప్రోబ్ అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా లేదు. స్కానింగ్ మిషన్ కొన్నవాళ్ల జేబుకు తర్వాతి ఏళ్లలో పెద్ద చిల్లు పెట్టేది అదే.

పొట్ట మీద జెల్ రాసి డాక్టర్ చేత్తో పట్టుకుని తిప్పే పరికరమే ప్రోబ్. దాని ముఖం కింద సన్నని స్ఫటికపు ముక్కలు వరసగా ఉంటాయి. పొట్ట పరీక్షకు వాడే కాన్వెక్స్ ప్రోబ్‌లో ఇవి సాధారణంగా 128. ఒక్కో ముక్కా శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. మిగతా మిషన్ అంతా ఒక రకంగా కంప్యూటరే. నేల మీద స్థిరంగా కూర్చుని ఉంటుంది, దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోరు. ప్రోబ్ సంగతి వేరు. రోజుకు ముప్పై నలభై మంది ఒంటికి తగులుతుంది, చేతులు మారుతుంది, తుడవబడుతుంది, హోల్డర్‌లోంచి జారిపడుతుంది. దాని కేబుల్ మీదుగా మిషన్ చక్రమే ఎక్కుతుంది. మెయిల్లోని ఒక్కో మాటనూ ప్రోబ్ వైపు నుంచి చదివితే అసలు విషయం బయటపడుతుంది.

మొదటి మాట డెమో. "మీ ఆసుపత్రికే తెస్తాం" అన్నది వినడానికి బాగానే ఉంది. పేషెంట్ మానిటరో ఇన్‌ఫ్యూజన్ పంపో అయితే నిజంగానే తెచ్చి, వారం రోజులు పెట్టి చూపించవచ్చు. స్కానింగ్ మిషన్‌కు అలా కుదరదు. గర్భస్థ శిశువు లింగం చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి చట్టం, అందరూ పీసీపీఎన్‌డీటీ అనేది, కొన్నవాళ్లతో పాటు అమ్మేవాళ్లనూ కట్టడి చేస్తుంది. రిజిస్ట్రేషన్ లేని చోటికి మిషన్‌ను అమ్మడమే కాదు, అద్దెకివ్వడం, వాడనివ్వడం కూడా నేరమే. ఎవరెవరికి మిషన్లు ఇచ్చారో ఆ జాబితాను డిస్ట్రిబ్యూటర్ మూడు నెలలకోసారి ప్రభుత్వానికి పంపాలి. లింగనిర్ధారణకు వాడబోమని కొనేవారి నుంచి అఫిడవిట్ తీసుకోవాలి.

మనం చెప్పుకుంటున్న ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉంది కదా అనిపించవచ్చు. ఉన్నది పాత మిషన్‌కు. మిషన్ మారినా, కొత్తది చేరినా 30 రోజుల ముందే జిల్లా అధికారులకు తెలియజేసి, సర్టిఫికెట్‌ను మార్పించుకోవాలి. సర్టిఫికెట్‌లో లేని మిషన్ తనిఖీ రోజున గదిలో కనపడితే, "డెమోకు తెచ్చారండీ" అన్న జవాబు నిలవదు. మిషన్‌ను సీజ్ చేసే అధికారం వాళ్లకుంది. ఆ సాయంత్రం డిస్ట్రిబ్యూటర్ వేరే మిషన్ తెచ్చుకోగలడు. చిక్కుల్లో పడేది ఆసుపత్రి పేరు.

కాబట్టి డెమో మన గదిలో వద్దు. అదే మోడల్ ఇప్పటికే రిజిస్టరై నడుస్తున్న మరో ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగాలి. అడిగేటప్పుడు ఒక మెలిక పెట్టాలి: కొత్తగా పెట్టిన చోటు కాదు, ఆ మోడల్‌ను మీరు జిల్లాలో మొట్టమొదట అమ్మిన చోటు చూపించండి. కొత్త మిషన్ మీద ఏ బొమ్మయినా అందంగానే వస్తుంది. మూడేళ్లు వాడిన మిషన్ నిజం చెబుతుంది. అక్కడి సిస్టర్ ఇంకా ఎక్కువ చెబుతుంది.

అక్కడికి వెళ్లాక బొమ్మ ఎవరి మీద చూపిస్తున్నారో గమనించాలి. కంపెనీ తరఫున వచ్చే అప్లికేషన్ స్పెషలిస్టు సన్నటి కుర్రాణ్ని పడుకోబెట్టి చూపిస్తాడు. సన్నవాళ్లలో ఏ మిషనైనా కాలేయాన్ని అద్దంలా చూపిస్తుంది. ఆ ఆసుపత్రి అనుమతితో, వచ్చిన రోగి ఒప్పుకుంటే, పొట్ట బాగా ఉన్న మనిషిలో కాలేయం లోతట్టు భాగం కనబడుతోందా, కిడ్నీ అంచుల్లోని సన్న రక్తనాళాల్లో రంగు నిండుతోందా చూడాలి. ప్రోబ్ కూడా స్పెషలిస్టు చేతిలో కాదు, రేపు మీ దగ్గర స్కాన్ చేయబోయే రేడియాలజిస్టు చేతిలో ఉండాలి. ఆ మిషన్ అప్పటికే ఆ ఆసుపత్రి సర్టిఫికెట్‌లో ఉన్నదే అయినా, వేరే ఊరి రేడియాలజిస్టు అక్కడ గర్భిణిని స్కాన్ చేయకూడదు. స్కాన్ చేసే డాక్టర్ పేరూ ఆ కేంద్రం రిజిస్ట్రేషన్‌లో ఉండాలి, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపాలి. డెమోకు గర్భిణుల జోలికి పోకపోవడమే మంచిది. టిఫా బొమ్మలు ఎలా వస్తాయో తెలియాలంటే అక్కడి డాక్టర్‌నే అడగాలి.

ఇంకో పని, రెండు నిమిషాలది. చూపించిన ప్రోబ్‌ల మోడల్ నంబర్లు రాసుకోండి. ప్రతి ప్రోబ్ కనెక్టర్ మీదా నంబరు ఉంటుంది. డెమోలో ఖరీదైన ప్రోబ్‌తో బొమ్మ చూపించి, కొటేషన్‌లో అదే కుటుంబంలోని తక్కువ రకం రాయడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. అన్నిసార్లూ అది మోసమని కూడా అనలేం. మీరు అడిగిన బడ్జెట్‌కు కొటేషన్ కుదిస్తున్నప్పుడు ఏదో ఒకటి తగ్గాలిగా.

అక్కడే పాత ప్రోబ్ ఆరోగ్యం కూడా చూడవచ్చు. దీనికి ఇంజినీరు అక్కర్లేదు. ప్రోబ్ మీది జెల్ పూర్తిగా తుడిచి, దేనికీ ఆనించకుండా గాల్లో పట్టుకోవాలి. గెయిన్ పెంచితే స్క్రీన్ పైభాగంలో ప్రోబ్ ముఖం వంపునే అనుసరిస్తూ కొన్ని వెలుగు చారలు, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. శబ్దం గాల్లోకి వెళ్లలేక ప్రోబ్ ముఖం దగ్గరే వెనక్కి తిరుగుతున్నందువల్ల వచ్చే చారలివి. ఆ చారలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా ఉంటే ప్రోబ్ బాగున్నట్టు. మధ్యలో ఎక్కడైనా పై నుంచి కిందికి నల్లగా గీత దిగితే అక్కడి ముక్కలు పనిచేయడం లేదు. అనుమానం ఉంటే పేపర్ క్లిప్ తీగను తెరిచి, దాని పక్క భాగాన్ని ప్రోబ్ ముఖం మీద గీరకుండా మెల్లగా జరపాలి. తీగతో పాటే స్క్రీన్ మీద ఒక వెలుగు కదులుతుంది. చచ్చిన ముక్క దగ్గరికి రాగానే ఆ వెలుగు మసకబారుతుంది.

నాలుగైదు ముక్కలు పోయినా మామూలు బొమ్మలో తేడా కంటికి ఆనదు. స్క్రీన్ మీది ప్రతి గీతనూ చాలా ముక్కలు కలిసి తయారుచేస్తాయి కాబట్టి, పోయినవాటి లోటును పక్కవి కప్పేస్తాయి. డాప్లర్‌తో రక్తప్రవాహాన్ని కొలిచేటప్పుడు మాత్రం ఆ లోటు అంకెల్లోకి చేరవచ్చు. బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని బొడ్డు తాడు డాప్లర్ రాసినప్పుడు ఆ అంకె మీదే నిర్ణయాలుంటాయి. అందుకే "బొమ్మ బాగానే వస్తోంది కదా" అన్న మాటను నేను పెద్దగా లెక్క చేయను.

రెండో మాట వారంటీ. "ఒక సంవత్సరం పూర్తి వారంటీ" అని మెయిల్లో ఉంటుంది. ఆ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో కొటేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎక్కువగా కనపడే మాట ఇది: ఇన్‌స్టలేషన్ నుంచి 12 నెలలు, లేదా డిస్పాచ్ నుంచి 15 నెలలు, ఏది ముందయితే అది. ఇందులో తప్పేముందని ఎవరికైనా అనిపిస్తుంది. మిగతా పరికరాలకైతే లేదు. స్కానింగ్ మిషన్‌కు ఉంది.

మన ఆసుపత్రికే లెక్క వేద్దాం. డిస్ట్రిబ్యూటర్ తొందరపెట్టాడు, మిషన్ జనవరి 5న కంపెనీ గోడౌన్ నుంచి బయల్దేరింది. మార్పు కోసం దరఖాస్తు పెట్టారు. 30 రోజుల గడువు, ఆపైన తనిఖీ, సంతకాలు. సవరించిన సర్టిఫికెట్ చేతికొచ్చి మిషన్ పెట్టెలోంచి బయటికి తీసేసరికి మే 20 అయింది. ఇన్‌స్టలేషన్ నుంచి లెక్కిస్తే వారంటీ వచ్చే ఏడాది మే 19 దాకా ఉండాలి. డిస్పాచ్ నుంచి 15 నెలలు మాత్రం ఏప్రిల్ 4తోనే అయిపోతాయి. నెలన్నర వారంటీ పెట్టెలోనే కరిగిపోయింది. ఎవరి తప్పూ లేదు, కాగితం మీద ఒక్క మాట. దీనికి రెండు మార్గాలున్నాయి. "ఏది ముందయితే అది" కొట్టేయించి, ఇన్‌స్టలేషన్ తేదీ ఒక్కదాన్నే ఉంచమనాలి. కంపెనీ ఒప్పుకోకపోతే, సవరించిన సర్టిఫికెట్ వచ్చాకే మిషన్ డిస్పాచ్ చేయాలని పర్చేజ్ ఆర్డర్‌లో రాయాలి. అడ్వాన్సు ఎంత ఇస్తున్నారో కూడా దీన్ని బట్టే తేల్చుకోవాలి.

ఆ పక్కనే ప్రోబ్ ఉంటుంది. కొన్ని కొటేషన్లలో మిషన్‌కు ఏడాది, ప్రోబ్‌లకు ఆరు నెలలు. కొన్నింట్లో ప్రోబ్‌లకు కూడా ఏడాదే, కానీ "భౌతిక నష్టం మినహా". ఈ రెండో రకం దగ్గరే గొడవలు. ప్రోబ్ పాడైతే ఇంజినీరు వచ్చి చూస్తాడు, ఒక గీతో నొక్కో కనిపెడతాడు, సర్వీస్ రిపోర్టులో ఫిజికల్ డ్యామేజ్ అని రాస్తాడు. డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్లో ఉంటారు. "సిస్టర్, ఇక్కడో సంతకం పెట్టండి" అంటాడు. ఆమె పెట్టేస్తుంది. ఆ సంతకం తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఇంజినీరు చెప్పేది చాలాసార్లు నిజమే కావచ్చు కూడా. కింద పడ్డ ప్రోబ్‌లో స్ఫటికం పగిలినా పై తొడుగు మీద గీత కూడా పడకపోవచ్చు. కేబుల్ చక్రం కింద నలిగితే లోపలి సన్న తీగలు తెగుతాయి, బయటి తొడుగు బాగానే ఉంటుంది. ఎవరు పడేశారో ఎవరూ చెప్పరు. తుడవడంలోనూ తెలియకుండా నష్టం జరుగుతుంది. చాలా ఆసుపత్రుల్లో అన్నింటికీ స్పిరిటే. కంపెనీ ఇచ్చిన మందుల జాబితాలో లేని ద్రావణంతో రోజూ తుడిస్తే కొన్ని ప్రోబ్‌ల ముఖం మీది రబ్బరులాంటి పొర గట్టిపడి, ఉబ్బి, విడిపోతుంది. దాన్ని కంపెనీ వారంటీలో కలపదు. యోని లోపలికి పెట్టే టీవీఎస్ ప్రోబ్‌లో ఆ పొర చిట్లితే డబ్బు సంగతి తర్వాత. ఇన్ఫెక్షన్ భయం, కరెంటు లీకేజీ భయం రెండూ ఉంటాయి. ఆ ప్రోబ్‌ను అప్పటికప్పుడే పక్కన పెట్టేయాలి.

అందుకే ఇన్‌స్టలేషన్ రోజే ఒక సాక్ష్యం తయారు చేసుకోవాలి. ఇంజినీరు ఎదురుగానే, మూడు ప్రోబ్‌లనూ ఒక్కొక్కటిగా గాల్లో పట్టుకుని, వచ్చిన చారల బొమ్మను తేదీతో సేవ్ చేయాలి. అదే సెట్టింగులతో నెలకోసారి మళ్లీ తీసి సేవ్ చేయాలి. పదో నెలలో నల్లగీత కనపడిందనుకోండి. తొమ్మిదో నెల దాకా చారలు నిండుగా ఉన్నాయి, ప్రోబ్ మీద నొక్కు లేదు, కేబుల్ మీద నలుగుడు లేదు. వారంటీ ఇంకా రెండు నెలలు ఉండగానే మెయిల్ పెట్టొచ్చు. ఈ అలవాటు లేని ఆసుపత్రికి ఆ గీత పదమూడో నెలలోనో ఇరవయ్యో నెలలోనో, బొమ్మ బాగా పాడయ్యాక కనపడుతుంది. అప్పటికి ఆ ప్రోబ్ బాధ్యత ఎవరిదో తేలిపోయి ఉంటుంది.

కరెంటు గురించి కూడా షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది. యూపీఎస్ లేకపోయినా, ఎర్తింగ్ సరిగా లేకపోయినా బోర్డులు కాలితే వారంటీ వర్తించదని. ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టించి, ఎర్తింగ్ కొలిచిన అంకెను ఇన్‌స్టలేషన్ రిపోర్టులోనే రాయించుకుంటే ఆ వాక్యంతో తర్వాత పేచీ ఉండదు.

ఇక సర్వీసు. "24 గంటల్లో స్పందన" అంటే ఏమిటో అడిగి చూడండి. కొందరికి అది ఫోన్ ఎత్తడం, కొందరికి ఇంజినీరు గుమ్మంలో ఉండటం. మిషన్ మళ్లీ నడవడం మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. ప్రభుత్వ టెండర్లలో అందుకే స్పందన బదులు మిషన్ ఎన్ని రోజులు నడిచిందన్న దాన్ని కొలుస్తారు, 95 శాతం అప్‌టైమ్ అంటారు. చిన్న ఆసుపత్రి కూడా అదే అడగొచ్చు. కానీ లెక్క తెలిసి అడగాలి. 95 శాతం అంటే ఏడాదిలో 18 రోజుల దాకా మిషన్ మూలన పడి ఉన్నా డిస్ట్రిబ్యూటర్ మాట తప్పినట్టు కాదు. అది దాటితే ఏం చేస్తారన్నది ముఖ్యం. దాటిన ప్రతి రోజుకూ వారంటీని రెండు రోజులు పొడిగించడం ఒక పద్ధతి. లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో కూడా రాసి ఉండాలి. ఇంజినీరుకు వాట్సాప్‌లో పెట్టిన మాట లెక్కలోకి రాదు, కంపెనీ కాల్ నంబరు వచ్చిన క్షణం నుంచే గడియారం నడుస్తుంది.

స్టాండ్‌బై మిషన్ మాట చట్టం ముందు నిలవదని పాఠకులకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. దానికీ సర్టిఫికెట్‌లో చోటు కావాలి కదా. స్టాండ్‌బై ప్రోబ్ అడగండి. మీ సొంత మిషన్‌కే తగిలించే ప్రోబ్ కాబట్టి మిషన్ మారదు. నిజానికి చాలా బ్రేక్‌డౌన్‌లలో కావలసింది కూడా అదే.

వారంటీ అయిపోయాక రెండు దారులు. ఏఎంసీలో ఇంజినీరు వచ్చి చూస్తాడు, శుభ్రం చేస్తాడు, ఫిల్టర్లలో దుమ్ము దులుపుతాడు. పార్టు మారిస్తే డబ్బులు వేరు. సీఎంసీలో పార్టులు కూడా కలుస్తాయి. 14 లక్షల మిషన్‌కు ఏఎంసీ 3 శాతం, సీఎంసీ 6 శాతం అడిగారనుకుందాం. ఏఎంసీ 42,000 రూపాయలు, సీఎంసీ 84,000. ఈ ఒప్పందాల మీద 18 శాతం జీఎస్టీ ఉంది, కలిపితే 49,560, 99,120. వ్యాపారస్తులు కట్టిన జీఎస్టీని తర్వాతి లెక్కలో తగ్గించుకుంటారు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు, పన్ను మొత్తం ఖర్చే.

రెండింటికీ తేడా ఏడాదికి 49,560, మూడేళ్లకు 1,48,680. ఇప్పుడు సీఎంసీ కాగితంలో ప్రోబ్ కోసం వెతకండి. "ప్రోబ్‌లు మినహా" అని ఉందా? కాన్వెక్స్ ప్రోబ్ ధర లక్షన్నర అనుకుంటే, ఆ మూడేళ్ల తేడాతో దాదాపు ఒక ప్రోబ్ వచ్చేస్తుంది. ప్రోబ్ లేని సీఎంసీ కట్టి, పైన ప్రోబ్ కూడా కొనడం కంటే ఏఎంసీ తీసుకుని ఆ తేడాను పక్కన పెట్టుకోవడం నయమని నా అభిప్రాయం. కరెంటు నిలకడ లేని ఊళ్లో, బోర్డులు కాలే భయం ఎక్కువగా ఉంటే లెక్క తిరగబడుతుంది. ఏడాదికి ఒక ప్రోబ్ కలిపి ఇచ్చే సీఎంసీ దొరికితే మాత్రం ఆలోచించకుండా తీసుకోవచ్చు. అయితే ఆ ధర కొనే రోజే, ఐదేళ్లకూ కలిపి, పర్చేజ్ ఆర్డర్‌లో రాయించుకోవాలి. మిషన్ దిగాక ఆ కంపెనీ పార్టులు ఆ కంపెనీ దగ్గరే దొరుకుతాయి, బేరం మన చేతిలో ఉండదు.

డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ప్రోబ్ వారంటీ అతను ఇచ్చేది కాదు, కంపెనీ ఇచ్చేది. కంపెనీ ఆరు నెలలే ఇస్తే అతను ఏడాది అని ఒప్పుకోవడం, ఆ లక్షన్నర భారాన్ని సొంత జేబు మీద వేసుకోవడమే. ఒకవేళ నోటి మాటగా ఒప్పుకున్నా, రేపు డీలర్‌షిప్ చేతులు మారితే కొత్తగా వచ్చినవాడు దాన్ని గుర్తించడు. అందుకే ఏ వారంటీ అయినా కంపెనీ లెటర్‌హెడ్ మీద, మిషన్ సీరియల్ నంబరుతో పాటు మూడు ప్రోబ్‌ల సీరియల్ నంబర్లతో రావాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వైద్య పరికరాలు అమ్మే రిజిస్ట్రేషన్, అంటే ఎండీ-42 సర్టిఫికెట్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

ఇవన్నీ అడుగుతూ డాక్టర్ గారు మెయిల్‌కు జవాబు రాస్తే డిస్ట్రిబ్యూటర్ అన్నింటికీ తలూపడు. వేరే ఆసుపత్రిలో డెమో, వారంటీ ఆరంభం తేదీ, గాల్లో తీసిన బొమ్మలు, స్టాండ్‌బై ప్రోబ్, వీటికి పెద్ద అభ్యంతరం ఉండదు, అతనికి పైసా ఖర్చు లేనివే ఎక్కువ. సీఎంసీలో ప్రోబ్ దగ్గర మాత్రం బిగుసుకుంటాడు. అక్కడ బేరం తెగకపోతే ఇంకో మాట అడగొచ్చు. మూడు ప్రోబ్‌లలో ఒక్కోదాని విడి ధర ఇప్పుడే కొటేషన్‌లో రాసి, ఐదేళ్ల దాకా అంతకు మించి అడగకూడదని సంతకం పెట్టమనాలి. పాత ప్రోబ్ తిరిగిస్తే ఎంత తగ్గిస్తారో కూడా ఆ వాక్యంలోనే ఉండాలి. దానికి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.